డ్యూటీ చివర్లో ముంచేది తేలిక పనే!

నేను పీజీ చేస్తున్న రోజులవి. ముందు రోజు ఉదయం తొమ్మిదింటికి మొదలైన డ్యూటీ, తెల్లవారుజామున ఐదున్నర అయినా నడుస్తోంది. సిస్టర్ వేరే రోగి దగ్గర ఉండటంతో ఒక పెద్దాయనకు 10 యూనిట్ల ఇన్సులిన్ నేనే సిరంజిలోకి తీశాను. పక్కనే ఉన్న ఆయన కూతురు, ‘సార్, మేం ఇంట్లో వాడే సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. దీనికి ఎర్ర మూత ఉందేంటండీ?’ అని అడిగింది.

అప్పుడు చూశాను. ఆ సీసా వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్నది. అందులో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి. నా చేతిలో ఉన్నదేమో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం చేసిన ఎర్ర మూత సిరంజి. అందులో 10 గీత దాకా తీస్తే వచ్చేది పావు మిల్లీలీటరు. ఆ సీసాలోంచి పావు మిల్లీలీటరు తీశానంటే 25 యూనిట్లు తీసినట్టే! ఆమె అడగకపోయి ఉంటే రెండున్నర రెట్ల మోతాదు ఆయన ఒంట్లోకి వెళ్లేది. షుగర్ ప్రమాదకరంగా పడిపోయేది.

విచిత్రమేమిటంటే, అదే రాత్రి ఒంటిగంటకు ఊపిరాడక వచ్చిన ఒక రోగికి చేయాల్సినవన్నీ సరిగ్గానే చేశాను. కష్టమైన పని మనల్ని కుదిపి నిద్ర లేపుతుంది. రోజూ చేసే తేలిక పని జోకొడుతుంది. ‘కష్టమైనవి ముందే ముగిద్దాం, తేలికవి చివర్లో చూసుకుందాం’ అనేది సగం సలహా మాత్రమే అని నాకు ఆ రోజే తెలిసింది. రెండో సగం చివర్లో మిగిలిన తేలిక పనిని ఎలా చేయాలన్నది.

వరసగా 17 గంటలు మెలకువగా ఉంటే మెదడు పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటి స్థాయికి తగ్గుతుందని 1997లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. దానికి తోడు తెల్లవారుజామున మూడు నుంచి ఆరు గంటల మధ్య ఒంట్లోని గడియారం కూడా నిద్రపొమ్మనే చెబుతుంది. ఇక ఒకే రకం పనిని విసుగ్గా చేస్తూ పోతే అరగంటలోనే శ్రద్ధ సడలుతుందని 1940లలోనే తేల్చారు.

అందుకే ఇప్పుడు నా డ్యూటీని ఇలా పంచుకుంటున్నాను. కొత్త రోగులు, మోతాదుల లెక్కలు, చికిత్స మార్చే నిర్ణయాలు ఉదయం పూట. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మెదడు మందగిస్తుంది కాబట్టి అప్పుడు రోగుల బంధువులతో మాట్లాడటం, రిపోర్టులు తెప్పించడం లాంటివి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు మళ్లీ చురుకు వస్తుంది. రాత్రికి కావాల్సిన ఆలోచనంతా అప్పుడే చేసి కేస్ షీట్‌లో రాసేస్తాను. ‘షుగర్ ఇంతకు తగ్గితే ఇది ఇవ్వాలి, బీపీ ఇంతకు పడితే నన్ను పిలవాలి’ అని అంకెలతో సహా. నాలుగింటికి కొత్తగా ఆలోచించే పని తగ్గి, చదివి చేసే పనే ఎక్కువగా మిగలాలి. ఉదయం అప్పగించాల్సిన వివరాలూ అప్పుడే మొదలుపెడతాను. తెల్లారాక మారినవి మాత్రం చేరుస్తాను.

వీలు దొరికితే రాత్రి ఇరవై నిమిషాలు కునుకు తీస్తాను. లేచాక ఓ పావుగంట మందు మోతాదు ఏదీ రాయను, ఆ మత్తు వదలాలి. మూడు దాటాక ముప్పై కేస్ షీట్లు ఒక్క ఊపులో చూడను. ఐదారు చూసి లేచి నడుస్తాను. ఇన్సులిన్ లాంటి మందులైతే ఒకరు పైకి చదవాలి, మరొకరు సీసా చూసి చెప్పాలి. ఒకే లైను రెండుసార్లు చదువుతున్నా, సిస్టర్‌ను అడిగిందే మళ్లీ అడుగుతున్నా పెన్ను పక్కన పెట్టేస్తాను.

ఈ పద్ధతికీ హద్దుంది. నాలుగింటికి గుండెపోటుతో వచ్చే మనిషి మన టైం టేబుల్ చూసి రాడు. అప్పుడు మరో డాక్టర్‌ను లేపడమే మార్గం. లేపడానికి మరో డాక్టర్ ఉండాలి కూడా. పనిని ఎంత తెలివిగా పంచుకున్నా అది సిబ్బంది కొరతకు మందు కాదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి డ్యూటీలుంటాయి. అమ్మానాన్నల వారం మాత్రల డబ్బా రాత్రి పదకొండింటికి కాకుండా ఆదివారం ఉదయం టిఫిన్ అయ్యాక నింపండి. ఇన్సులిన్ సీసా మీది 40 లేదా 100 అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని కొన్న రోజే చూసుకోండి. ఆసుపత్రిలో మీవాళ్ల పక్కన ఉన్నప్పుడు తెల్లవారుజామున ఏదైనా తేడాగా కనిపిస్తే మొహమాటపడకుండా అడగండి. ఆ రోజు ఆ అమ్మాయి అడిగింది కాబట్టే వాళ్ల నాన్న క్షేమంగా ఇంటికెళ్లాడు.