అడ్రసు వైపు ఎందుకు పారేస్తున్నారు?

ఈమధ్య ప్రతి కుటుంబం వాట్సాప్ గ్రూపులోనూ పాత ఉత్తరాల ఫొటోలే. ట్రంకుపెట్టె అడుగున దొరికిన కార్డుముక్కలు, టెలిగ్రాములు తీసి పెడుతున్నారు. సంతోషమే. కానీ పెట్టేది సగం. రాత ఉన్న వైపు ఫొటో తీసి, అంచులు కత్తిరించి, అడ్రసు వైపు "అందులో ఏముందిలే" అని వదిలేస్తున్నారు. ఆ సగం చూసి చచ్చిపోయిన ఆడవాళ్ల మీద తీర్పులు కూడా చెప్పేస్తున్నారు. నా కోపమంతా దాని మీదే.

మావైపు ఒక పెద్దత్త ఉండేది. "తల్లి సీరియస్ అని టెలిగ్రాం ఇస్తే నాలుగు రోజులకు దిగింది" అని ఆమెకు జీవితాంతం పేరు. మొన్న గ్రూపులో సాక్ష్యంగా ఆ టెలిగ్రామే పెట్టారు. "మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ." నాలుగే మాటలు. కింద వ్యాఖ్యలు చదివితే ఒళ్లు మండింది. కాగితం మొత్తం ఫొటో పంపమని అడిగి తెప్పించాను.

టెలిగ్రాంలో వార్తకంటే పైన ఉండే వరుస ముఖ్యం. ఏ ఊళ్లో ఇచ్చారు, ఏ తేదీన, ఎన్ని గంటలకు, మొత్తం ఎన్ని మాటలు, అన్నీ అక్కడుంటాయి. ఇందులో 12వ తేదీ సాయంత్రం అని ఉంది. ఆవిడ పోయింది 12వ తేదీ పొద్దున. అంటే టెలిగ్రాం ఇచ్చేసరికే ప్రాణం లేదు! మరి సీరియస్ అని ఎందుకిచ్చారు? అప్పట్లో అది మర్యాద. పోయారని తెలిస్తే దారిలో గుండె ఆగుతుందని, పోయినవాళ్లను కూడా సీరియస్ అనేవారు. పైగా మాటకింత అని డబ్బు, అడ్రసులో మాటలు కూడా లెక్కలోకే. ఓదార్పుకు అక్కడ చోటు లేదు. ఆ నాలుగు మాటల్లో కర్కశత్వం వెతకడం ఎంత తప్పో, వాటిని ఉన్నదున్నట్టు నమ్మడమూ అంతే తప్పు.

ఇక అందిన సంగతి. కాగితం మీద టెలిగ్రాఫ్ ఆఫీసు ముద్ర 13వ తేదీది. అది పక్క టౌనులో ఉన్న ఆఫీసు. అత్తయ్య వాళ్ల పల్లెలో ఉన్నది చిన్న బ్రాంచి పోస్టాఫీసు, అక్కడ తంతి లేదు. అలాంటి ఊళ్లకు టౌను నుంచి టెలిగ్రాంను కవరులో పెట్టి మామూలు టపాలో పంపేవారు. ఆ కవరు ఎవరూ ఫొటో తీయలేదు. అడిగితే "ఖాళీ కవరు పిన్నీ" అన్నాడు మా అబ్బాయి వరస కుర్రాడు. ఖాళీ కాదు నాయనా, దాని వెనక పల్లె ముద్ర ఉంది, 15వ తేదీ అని. ఆమె పుట్టింటికి చేరింది 16న. ఇంగ్లీషు రాని మనిషి ఇంకొకరిచేత చదివించుకుని, బస్సు పట్టుకుని, మర్నాటికల్లా వచ్చింది. ముద్ర పోస్టాఫీసుకు చేరిన రోజే చెబుతుంది, గుమ్మానికి చేరిన రోజు చెప్పదు. కాబట్టి ఇంకా ఆలస్యంగానే అందిందేమో గానీ, ముందు మాత్రం అందలేదు.

కార్డుల సంగతి ఇంకో రకం. అక్కడ అడ్రసులోనే కథ ఉంటుంది. మా అమ్మమ్మకు ఆవిడ అన్నగారు రాసిన రెండు కార్డులున్నాయి. ఒకదాని మీద "చి.ల.సౌ." అని ఉంది, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. రెండోదాని మీద "గం.భా.స.", గంగాభాగీరథీ సమానురాలు. మధ్యలో తాతయ్య పోయారు. లోపల రాతలో ఆ ఊసే లేదు, అంతా వడ్లు, కౌలు, ఉభయకుశలోపరి. చెల్లెలికి జరిగిన నష్టమంతా అడ్రసులో మూడక్షరాలైంది. అది పోస్ట్‌మాన్ నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ చదివారు. భార్య పోయిన మగవాడికి మాత్రం "మ.రా.రా.శ్రీ" చివరిదాకా మ.రా.రా.శ్రీయే, మహారాజరాజశ్రీకి లోటేముంది! "మేటర్ ఈవైపు లేదు" అని మనం కత్తిరించేది ఈ అక్షరాల్నే.

ఇందులోనూ జాగ్రత్త కావాలి. కార్డు మీద మామూలుగా రెండు ముద్రలుంటాయి. అచ్చుబిళ్ల మీద పడ్డది బయల్దేరిన ఊరిది, ఖాళీలో పడ్డది చేరిన ఊరిది. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటే తేదీలు తలకిందులవుతాయి. ముద్రలో సంవత్సరం తరచు రెండంకెలే, అదీ సగం చెరిగి ఉంటుంది. అడ్రసులో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిదని చెప్పొచ్చు. లేకపోతే అంతకు ముందుదని మాత్రం చెప్పలేం, చాలామంది ఎన్నో ఏళ్లు రాయనేలేదు.

ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన పెట్టి వెలుగు ఏటవాలుగా పడేలా చూస్తే మాసిన ముద్ర కూడా లేచి కనిపిస్తుంది. నాలుగు అంచులూ పడాలి, రెండు వైపులూ పడాలి, కవరు ఉంటే అదీ. ఫోనులో స్కానర్ యాప్ వాడకండి. అది కాగితాన్ని తెల్లగా చేసే తొందరలో వెలిసిపోయిన ముద్రను తుడిచేస్తుంది. శుభవార్త కార్డుకు మూలల్లో రాసిన పసుపునూ మరకనుకుని తీసేస్తుంది.