శాలువా కప్పే ముందు మనం చెప్పాల్సిన మాట



మన సంఘ బిడ్డ డీకన్‌గా అభిషేకం పొందిన సంగతి మీకు తెలుసు. ఎనిమిదేళ్ల కిందట మైత్రీవనం దగ్గర కంప్యూటరు కోర్సు నేర్చుకోవడానికి బస్సెక్కిన పిల్లవాడు. ఒక గదిలో నలుగురితో ఉంటూ, ఆదివారం రాత్రి మన ఊరి పిల్లల్ని మంచాల మీద కూర్చోబెట్టుకుని వాక్యం చదివించేవాడు. ఉద్యోగం వచ్చింది, రెండేళ్లు చేశాడు, వదిలేసి సెమినరీలో చేరాడు. ఇప్పుడు వచ్చే ఆదివారం మన గుడికి వస్తున్నాడు. పెద్దలు అభినందన పత్రం రాసి మాకు చూపించారు. అమీర్‌పేట పిల్లలు ఫ్లెక్సీ సిద్ధం చేసి పంపించారు. రెండిటినీ చదివాక ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

పత్రంలో ఇలా ఉంది: మా గ్రామానికి కీర్తి తెచ్చావు, ఉన్నత పదవి పొందావు, నీ దీర్ఘ ప్రయాణం విజయవంతంగా ముగిసింది, నీకు శుభాకాంక్షలు. ప్రేమతోనే రాశారు. కానీ ఇందులో ఒక్క మాట తీసేస్తే, సర్పంచిగా గెలిచినవాడికీ ఇదే పత్రం ఇవ్వవచ్చు. అభిషేకంలో నిజంగా ఏం జరిగిందో ఇందులో లేదు.

జరిగింది ఏమిటో చూద్దాం. సెమినరీకి వెళ్లేముందు అతని గురించి సాక్ష్యం అడిగింది మన పాస్టరేట్ కమిటీనే. ఆ కాగితం మీద మన పెద్దల సంతకాలు ఉన్నాయి. అభిషేక ఆరాధనలో అభ్యర్థిని బిషప్ గారి ముందు నిలబెట్టినప్పుడు, ఇతన్ని అభిషేకించడం మీకు సమ్మతమేనా అని ప్రజల్ని అడుగుతారు. ప్రజలు జవాబు చెప్పిన తర్వాతే అభ్యర్థిని ప్రశ్నలు అడగడం, ప్రార్థన, హస్తనిక్షేపణ. అంటే ఆ తలమీద చేయి పడకముందే మన నోటి మాట పడింది. అభినందించే మనం చూడ్డానికి వచ్చిన జనం కాదు, పూచీ ఉన్నవాళ్లం.

రెండో సంగతి. అతని ప్రయాణం ముగియలేదు. డీకన్ పరిచర్య మొదటి మెట్టు. ప్రెస్బిటరుగా అభిషేకం ఇంకా ఉంది. అప్పుడు బిషప్ గారితో పాటు ప్రెస్బిటర్లు కూడా చేతులుంచుతారు. అప్పటివరకు అతను ప్రభు రాత్రి భోజన సంస్కారం తానుగా జరిగించడానికి లేదు, సహాయం చేయగలడు అంతే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, వచ్చే ఆదివారం ఎవరో ఒక పెద్దమ్మ, మా ఇంటికొచ్చి బల్ల ఇవ్వు నాయనా అని తప్పక అడుగుతుంది. అతను కాదనవలసి వస్తుంది. అప్పుడు చదువుకుని గర్వం వచ్చిందని అనుకోకండి. అది అతను చేసిన ప్రమాణానికి లోబడటం.

ఇక మా సొంత సంగతి ఒకటి. మాకు అభిషేకమైన రోజు పద్నాలుగు శాలువాలు కప్పారు. రెండో ఏడు వానాకాలంలో మేముంటున్న ఇంటి కప్పు కారితే, ఆ శాలువాల్లో మూడు మడిచి బియ్యపు డబ్బా మీద కప్పాం. శాలువా కప్పినవాళ్లు ఆ దారినే పొలానికి వెళ్లేవారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. అభినందించడంతో తమ వంతు అయిపోయిందని అనుకున్నారు. మేమూ నోరు తెరిచి అడగలేదు, అది మా తప్పు.

ఈ విషయంలో మాకు దోర్నకల్ గుర్తొస్తుంది. వి.ఎస్. అజరయ్య గారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు, పల్లెటూరి పాస్టరు కొడుకు. వై.ఎం.సి.ఎ.లో పేరున్న పని వదులుకుని 1909లో అభిషేకం పొంది, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా కెథడ్రల్‌లో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. అంతకుముందు భారతీయుడు ఆ పనికి తగడని మిషనరీల్లో చాలామంది అన్నారు, మనవాళ్లలోనూ కొందరు అన్నారు. పొగడ్తకైనా తెగడ్తకైనా అంతకన్నా పెద్ద సందర్భం ఉండదు. ఆయన మాత్రం ఎడ్లబండి ఎక్కి మాలమాదిగ పల్లెలకు తిరిగారు.

అక్కడ ఆయన పెట్టిన అలవాటు ఒకటి మనకు కావాలి. బాప్తిస్మం పొందేవారు తమ చేయి తమ తలమీదే పెట్టుకుని, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణనీ, సువార్త చెప్పకపోతే తనకు అయ్యో అనీ పలికేవారు. ఆ మాట పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలోది. చూడండి, బిషప్ తలమీద బిషప్పులు చేతులుంచారు. కూలివాడి తలమీద కూలివాడి చేయే ఉంది. చేతులు వేరు, మోయాల్సిన బరువు మాత్రం ఇద్దరికీ ఉంది. అభిషేకం పొందినవాడు మనందరి పని తన ఒక్కడి నెత్తిన వేసుకున్నవాడు కాదని ఆ పల్లె క్రైస్తవులకు రోజూ తెలిసేది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. అభినందన అంటే, అతను చేసిన ప్రమాణానికి ఎదురుగా మనం చేసే చిన్న ప్రమాణం. అది లేని పత్రం సగమే. పెద్దలతో కూర్చుని పత్రాన్ని ఇలా మార్చాం:

"నాయనా, నిన్ను పంపిస్తూ సంతకం పెట్టింది మేమే. నీవు డీకన్‌వయ్యావని సంతోషిస్తున్నాం. రోగుల్నీ పేదల్నీ వెదికి వెళ్లే పని నీకు అప్పగించారు. నీవు వచ్చినప్పుడు మన ఊళ్లో మంచాన పడిన ముగ్గురి ఇళ్లకు నిన్ను తీసుకెళ్తాం, ఆ తర్వాత వారం వారం మేమే వెళ్తాం. నీకు ఇవ్వకూడనిది ఇమ్మని అడగం. నీ తప్పు కనిపిస్తే ఊరంతా చెప్పం, నీతోనే చెబుతాం. నీ ఇంటి కప్పు కారితే మాకు చెప్పు."

ఆఖరి వాక్యం పెద్దలే చేర్చారు. మేము నవ్వాం గానీ, కాసేపు మాట రాలేదు.

అమీర్‌పేట పిల్లలకు ఒక్క మాట. ఫ్లెక్సీ బాగుంది. దాని ఖర్చు వద్దు అనడం లేదు, ఒక్కటి చాలు అంటున్నాం. కానీ అతను విడిచి వెళ్లిన ఆ గదిలో ఆదివారం రాత్రి వాక్యం ఎవరు చదువుతున్నారు? అతను వెళ్లాక ఆ కూడిక ఆగిపోయిందని విన్నాం. మీలో ఒకరు లేచి ఈ ఆదివారం మళ్లీ మొదలుపెట్టి, ఆ కబురు అతనికి పంపండి. శుభాకాంక్షలు అన్న మాట అందులో లేకపోయినా ఫరవాలేదు. అతను దాచుకునే అభినందన అదే అవుతుంది.

ప్రభువు మన బిడ్డ పరిచర్యను దీవించును గాక, మన మాట మీద మనల్ని నిలుపును గాక. ఆమేన్.