హాజరు పట్టీలో కులం

మన దేశంలో నిఘా గురించి జరిగే చర్చ ఎక్కువగా ఫోన్ల హ్యాకింగ్ చుట్టూ, సామాజిక మాధ్యమాల ఖాతాల చుట్టూ తిరుగుతుంది. నాయకులు, పాత్రికేయులు, మేధావుల మీద నిఘా పడినప్పుడు అది వార్త అవుతుంది. రోజు కూలీ మీద పడే నిఘాకు మాత్రం ఆ పేరే ఉండదు. దానిని ‘హాజరు’ అంటారు. ఈ మాటకు కులంతో ఉన్న సంబంధాన్ని పరిశీలించకుండా ఆధునిక నిఘాను అర్థం చేసుకోలేమని నా అభిప్రాయం.

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టాన్ని తెచ్చింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఒక సమూహాన్ని నేరస్థ తెగగా ప్రకటిస్తే, అందులో పుట్టినవారు ఏ నేరమూ చేయకపోయినా పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, నిర్ణీత వేళలకు అధికారి ముందు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఆంధ్ర ప్రాంతంలో ఈ చట్టం ఎరుకల వారి మీద బలంగా పడింది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. దానిని నడిపింది సాల్వేషన్ ఆర్మీ. అక్కడి వారి శ్రమ చీరాల పొగాకు కర్మాగారానికి ఉపయోగపడింది. మనిషిని కదలకుండా ఉంచడం, తక్కువ కూలికి పని చేయించడం అనే రెండు ప్రయోజనాలనూ ఒకే హాజరు పట్టీ నెరవేర్చింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అయితే ‘వీళ్లను కనిపెట్టి ఉండకపోతే మోసం చేస్తారు’ అన్న ఊహ చట్టంతో పాటు రద్దు కాలేదు.

ఆ ఊహ ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నదో చూడాలంటే ఉపాధి హామీ పనుల దగ్గరికి వెళ్లాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకంలో దళితులు, ఆదివాసులు జనాభాలో తమ వాటాను మించి పనిచేశారు. పనిదినాల్లో సగానికి పైగా మహిళలవే. వీరి హాజరు కోసం కేంద్రం ఎన్‌ఎంఎంఎస్ అనే మొబైల్ యాప్‌ను తెచ్చి, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని సామూహిక పనులకూ తప్పనిసరి చేసింది. మేటు పని స్థలంలో కూలీలను నిలబెట్టి, స్థలం గుర్తు పడేలా ఉదయం ఒక ఫోటో, కొన్ని గంటల తరువాత మరో ఫోటో తీసి ఎక్కించాలి. రెండూ ఎక్కితేనే ఆ రోజు పూర్తి హాజరు.

ఇందులోని చిక్కు పైకి కనిపించదు. ఉపాధి హామీలో మట్టిపనికి కూలి ఇచ్చేది గంటలను బట్టి కాదు, కొలతను బట్టి. వారాంతంలో సాంకేతిక సహాయకుడు తవ్విన గుంతను కొలిచి, ఎన్ని ఘనపు మీటర్లో ఎం-బుక్‌లో రాస్తే దాని ప్రకారం కూలి లెక్క తేలుతుంది. అందుకే మన వేసవిలో కూలీలు తెల్లవారకముందే గడ్డపార పట్టి, ఎండ ముదిరేలోపు తమ వంతు ముగించుకుంటారు. యాప్ వచ్చాక, పని అయిపోయినా రెండో ఫోటో కోసం ఎండలో కూర్చోవాలి, లేదా ఇంటికి వెళ్లి మళ్లీ రావాలి. కూలి కట్టేది కొలతకు, కట్టడి మాత్రం కాలానికి. ఈ రెండు నియమాల భారమూ ఒకే మనిషి మీద పడుతున్నది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇరవై మంది మహిళలు ఒక ఊటకుంట తవ్వుతున్నారు. బుధవారం సిగ్నల్ లేక రెండో ఫోటో ఎక్కలేదు. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలి గరిష్ఠంగా 307 రూపాయలు. ఆ రోజు హాజరు పడకపోతే ఇరవై మందికి కలిపి 6,140 రూపాయల వరకు నష్టం. ఆ రోజు తవ్విన మట్టి గట్టు మీద కుప్పగా ఉంది, గుంత కళ్ల ముందే ఉంది, ఎవరు వచ్చి కొలిచినా తేలుతుంది. అయినా కూలీ కష్టానికి సాక్ష్యంగా భూమి చెల్లదు, ఫోటో చెల్లుతుంది. దాన్ని సరిచేయించుకోవాలంటే ఆమె మండల కార్యాలయం చుట్టూ తిరగాలి. అంటే మరో రోజు కూలి పోగొట్టుకోవాలి.

దొంగ మస్టర్లను అరికట్టడానికే ఇదంతా అన్నది ప్రభుత్వ వాదన. దొంగ మస్టర్లు ఉన్న మాట నిజమే. కానీ యాప్ వాటిని ఆపలేదని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జూలై 8 నాటి లేఖలో ఒప్పుకుంది. ఫోటోకు ఫోటో తీసి పెట్టడం, పనికి సంబంధం లేని చిత్రాలు ఎక్కించడం, హాజరు సంఖ్యకూ ఫోటోలోని మనుషుల సంఖ్యకూ పొంతన లేకపోవడం వంటివి అందులో ఉన్నాయి. దానికి విరుగుడుగా పంచాయతీ స్థాయిలో ప్రతి ఫోటోనూ సిబ్బంది కళ్లతో చూసి సరిపోల్చాలన్నారు. దొంగ మస్టరు రాయగలిగేది రికార్డు చేతిలో ఉన్నవాడు. ఫోటో తీసేది మాత్రం పలుగు పట్టిన మనిషిని. అందువల్ల మోసం చేసేవాడు యాప్‌లోనూ దారి వెతుక్కుంటాడు, నిజంగా పనిచేసిన మనిషి సిగ్నల్ కోసం వెతుక్కుంటుంది.

మోసాన్ని పట్టే మరో పద్ధతి మన దగ్గరే పుట్టి పెరిగింది. అదే సామాజిక తనిఖీ. ఉపాధి చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చిన ఈ హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే క్రమబద్ధంగా అమలు చేసింది. శిక్షణ పొందిన యువకులు, వారిలో ఎక్కువమంది కూలీల ఇళ్ల నుంచి వచ్చినవారే, మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడిగేవారు. తరువాత సభలో పేర్లు బిగ్గరగా చదివేవారు. ‘ఆ వారం నేను పనికే పోలేదు, నా పేరు ఎట్లా పడింది?’ అని వాడ మహిళ అధికారి ముందు నిలబడి అడిగిన సభలు నేను చూశాను. ఊరిలో ఆమె మీద అందరి కన్నూ ఉండేది. ఆ ఒక్క రోజు ఆమె కన్ను రికార్డు మీద పడింది. ఆ పద్ధతికీ పరిమితులున్నాయి. గుర్తించిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్ది భాగమే, తనిఖీకి నిధులు ఇచ్చేదీ ప్రభుత్వమే. అయినా అది చూపు దిశను మార్చింది.

చూపు ఎటు నుంచి ఎటు అన్నదే కుల ప్రశ్న. కూలి పదిహేను రోజుల్లో చెల్లించాలనీ, ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలనీ 2005 నాటి చట్టం చెప్పింది. ఆ ఆలస్యానికి కారకుడైన అధికారిని రోజుకు రెండుసార్లు ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం బయోమెట్రిక్ గుర్తింపునకు, మొబైల్ పర్యవేక్షణకు చట్టంలోనే చోటిచ్చింది. ఇప్పటిదాకా ఆదేశాలుగా ఉన్నది ఇక చట్టమే.

కాబట్టి కొత్త నిబంధనల మీద విద్యార్థి, కూలీ సంఘాలు పట్టుబట్టాల్సింది సాంకేతికత వద్దని కాదు. కొలతలో పని తేలినప్పుడు ఫోటో లేదన్న కారణంతో కూలి ఆపకూడదు. ప్రతి వారం మస్టరును వాడలోనే చదివి వినిపించాలి. కూలీ హాజరు కనిపించే తెరమీదే కొలత ఎవరు ఆలస్యం చేశారో, చెల్లింపు ఏ స్థాయిలో ఆగిందో పేరుతో సహా కనిపించాలి. ఈ మూడింటికీ ప్రభుత్వం ఒప్పుకోకపోతే, ఆ యాప్ అవినీతి మీద నిఘా కాదనీ, స్టూవర్టుపురం హాజరు పట్టీకి కొత్త రూపమనీ తేలిపోతుంది.