కౌలు బండా, సొంత బండా?

తెనాలి దగ్గరి పల్లె నుండి ఒక తండ్రిగారు ఇలా వ్రాశారు: “మా చిన్నవాడు అమెరికాలో, టెక్సాసు రాష్ట్రంలో, హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆరేళ్ళలో మూడు కంపెనీలు, రెండు దేశాలు మారాడు. ఇప్పుడు కొత్త కారు లీజుకు తీసుకుంటానంటున్నాడు. నెలకు తక్కువ పడుతుందట. ఏదైనా సొంతంగా కొనుక్కోరా అంటే వినడు. మీరేమంటారు?”

అయ్యా, లీజు అంటే మన కౌలు వంటిదే. బండి కంపెనీది, నడుపుకొనే హక్కు మనది. పైరు మధ్యలో వదిలేసి పోతానంటే కౌలు మాఫీ కాదు గదా! ఇక్కడా అంతే. సాధారణంగా గడువు 36 నెలలు. మీ అబ్బాయి నెలకు ఎంత అని అడిగాడు గాని, మధ్యలో మానుకుంటే ఎంత అని అడిగినట్లు లేదు. అతనివంటివారు మొదట అడగవలసింది ఈ రెండవ ప్రశ్నే.

ఒక లెక్క వేసి చూద్దాం. కారు ధర 28,000 డాలర్లు అనుకోండి. మూడేళ్ళ తరువాత దాని విలువ 16,000 ఉంటుందని లీజు కంపెనీ ముందే నిర్ణయిస్తుంది. తరిగిపోయే 12,000ను 36 నెలలకు పంచితే నెలకు 333 డాలర్లు. దానిమీద, ఏడాదికి నూటికి 6 వంతున వడ్డీ సుమారు 110. వెరసి నెలకు 443, పన్నులు వేరు. అదే కారును ఐదేళ్ళ అప్పు మీద కొంటే కిస్తీ 540 దాటుతుంది. నెలకు తక్కువ అని అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు.

అయితే 14వ నెలలో ఉద్యోగం పోయిందనుకోండి. హెచ్-1బి వీసా వారికి ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా మరో కంపెనీ వీసా దరఖాస్తు పెట్టకపోతే, లేదా వేరే వీసాకు మారకపోతే, దేశం విడవాలి. ఆనాటికి లీజు ఖాతాలో ఇంకా సుమారు 23,600 డాలర్ల బాకీ నిలిచి ఉంటుంది. కారు అప్పగిస్తే కంపెనీ దానిని వేలం వేస్తుంది. వేలంలో 20,000 వచ్చిందనుకుంటే, మిగతా 3,600 మీ అబ్బాయే చెల్లించాలి. ముందుగా మానుకున్నందుకు రుసుము అదనం. చేతిలో జీతం లేని నెలలోనే ఈ బిల్లు వస్తుంది. లెక్క కట్టే పద్ధతి కంపెనీ కంపెనీకీ మారుతుంది గనుక, ఒప్పందంలో ‘ముందస్తు రద్దు’ అన్న భాగాన్ని సంతకానికి ముందే చదవాలి. అది కాగితం మీద చూపించాలని అక్కడి చట్టమే చెబుతుంది.

బండితో సహా మరో దేశం పోదామంటే, అది కంపెనీ సొత్తు, అనుమతి లేనిదే సరిహద్దు దాటరాదు. ఇండియాకు తెచ్చుకొనే ఆశ అసలే వద్దు. ఎడమవైపు స్టీరింగు ఉన్న పాత కారును మన దిగుమతి నిబంధనలు ఒప్పుకోవు.

ఇంతకూ తప్పంతా లీజుదే అనకండి. కొత్త కారును పూర్తిగా అప్పు మీద కొన్నా 14వ నెలలో దాదాపు ఇదే గుంటలో పడతాడు. కొత్త బండి విలువ మొదటి ఏడాదిలోనే వేగంగా పడిపోతుంది, అప్పు మాత్రం నెమ్మదిగా తరుగుతుంది. అందుచేత, ఎప్పుడు కదలాలో తెలియని మనిషికి నాలుగైదేళ్ళు వాడిన బండిని, వీలైతే అప్పు లేకుండా, కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. 12,000కు కొని, పద్నాలుగు నెలలు వాడి, 9,500కు అమ్మితే 2,500 నష్టం. మరమ్మతులకు ఇంకో వెయ్యి వేసుకోండి. అది కూడా ఖర్చే. కాని అమ్మిననాడు డబ్బు చేతికి వస్తుంది, ఎవరికీ బాకీ ఉండదు. కొనేముందు మాత్రం అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్కుకు చూపించి తీరాలి.

లీజు నప్పేవారు లేకపోలేదు. కంపెనీయే మూడేళ్ళకు పంపి, మధ్యలో వెనక్కి పిలిస్తే లీజు భారం తానే మోస్తానని వ్రాసి ఇస్తే తీసుకోవచ్చు. కొన్ని ఒప్పందాలలో మిగిలిన నెలలను మరొకరికి బదిలీ చేసే వీలుంటుంది. అయితే కొత్తవాడు కట్టకపోతే బాధ్యత ఎవరిదో అడగాలి. కొన్నిచోట్ల మొదటివాడిని పూర్తిగా వదలరు.

సొంత కారున్నవాడు టైటిల్ కాగితం భద్రంగా దాచుకోవాలి. అది మన ఆర్.సి. బుక్కు వంటిది. అప్పు మీద కొంటే, బాకీ తీరేవరకు దానిమీద బ్యాంకు హక్కు నమోదై ఉంటుంది గనుక అమ్మకానికి కొన్ని రోజులు ఎక్కువ పడుతుంది. అమ్మిన వెంటనే ఆ సంగతి రాష్ట్రపు వాహనాల కార్యాలయానికి తెలియజేయాలి. లేకపోతే కొన్నవాడి టోలు బిల్లులు, పార్కింగు జరిమానాలు ఇతని పేరునే వస్తాయి. విమానం ఎక్కే రోజుకీ బేరం కుదరకపోతే, అక్కడే ఉండే నమ్మకమైన స్నేహితునికి ఆ ఒక్క కారు అమ్మకానికి మాత్రమే పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి, టైటిల్ కాగితం అతనికి అప్పగించి రావచ్చు.