బెర్తు మీద కూర్చున్నవాడు ముద్దాయి కాడు

రాత్రి రైల్లో తన రిజర్వేషన్ బెర్తు మీద ఎవరో తిష్ఠ వేశారని ప్రయాణికుడు ఫిర్యాదు రాస్తే, మనవాళ్ళ దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "రైలన్నాక సర్దుకుపోవాలండీ, ఒక్క రాత్రే కదా" అనేది మొదటిది. "జనరల్ బోగీలో కాలు పెట్టే చోటు లేకనే కదా పాపం ఇటొచ్చారు, అలాంటివాళ్ళ మీద ఫిర్యాదేమిటి" అనేది రెండోది. ఒకటి లోకం తెలిసినవాళ్ళ మాటలా వినిపిస్తుంది, మరొకటి దయగలవాళ్ళ మాటలా. టిక్కెట్టు అమ్మి డబ్బు తీసుకున్న రైల్వేని మాత్రం రెండూ ఊసులోకి రానివ్వవు. ఈ రెండు మాటలూ తప్పని నా వాదన. ఆ ఉత్తరం రాయాల్సిందే. అయితే చాలామంది రాసే తీరులో కాదు.

సర్దుకోవడం సంగతి ముందు చూద్దాం. స్లీపర్ బోగీలో సర్దుకోవడానికి రైల్వే తానే వేళలు పెట్టింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పడుకునే సమయం. మిగతా వేళల్లో కింది బెర్తువాడు మధ్య బెర్తువాడికీ పై బెర్తువాడికీ కూర్చునే చోటివ్వాలి. అంటే టిక్కెట్టు కొన్నవాళ్ళు పగలంతా ఒకరికొకరు సర్దుకుంటూనే ఉన్నారు. పది దాటాక కింది బెర్తు మీద నలుగురు కూర్చుని ఉంటే నష్టం ఆ బెర్తువాడితో ఆగదు. వాళ్ళ తలల వెనక మధ్య బెర్తు గోడకే వేలాడుతుంటుంది, దాన్ని ఎత్తి గొలుసు తగిలించే వీలుండదు. ఆ బెర్తు తాలూకు పెద్దావిడ కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడుతుంటుంది. నడవాలో సంచుల మీద పడుకున్నవాళ్ళను దాటి బాత్రూముకు వెళ్ళలేక పిల్లల తల్లి అవస్థ పడుతుంటుంది. "కాస్త జరగండి, పొద్దున్నే దిగిపోతాం" అని నవ్వుతూ అడిగేవాళ్ళూ ఉంటారు, "రైలేమన్నా కొనేశావా" అని మీదికొచ్చేవాళ్ళూ ఉంటారు. అడిగే తీరు ఏదైనా ఆ రాత్రి నిద్ర పోయినట్టే.

ఇప్పుడు చట్టం. 1989 నాటి రైల్వే చట్టంలో 155వ సెక్షన్ సరిగ్గా దీని గురించే. ఇంకొకరికి కేటాయించిన బెర్తును ఆక్రమించినవాణ్ణి దింపేయవచ్చు, అయిదు వందల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అయితే ఆ సెక్షన్‌ను నిదానంగా చదివితే ఒక మెలిక కనిపిస్తుంది. అధికారమున్న రైల్వే ఉద్యోగి లెమ్మని అడిగినా లేవనప్పుడే అది వర్తిస్తుంది. ప్రయాణికుడు ఎంత అరిచి గీపెట్టినా ఆ సెక్షన్ కదలదు. టీటీఈ రావాలి, అడగాలి. ఆయన రానంతసేపూ ఆ బోగీలో ఈ సెక్షన్ కాగితం మీదే ఉంటుంది. కాబట్టి ఫిర్యాదు చేసేవాడి చేతిలో ఉన్న అసలైన విషయం బెర్తు మీద ఎవరు కూర్చున్నారనేది కాదు, టీటీఈ ఎప్పుడొచ్చాడు, లేదా రాలేదు అన్నదే.

ఇది నా ఊహ కాదనడానికి విశాఖపట్నం నుంచి బయల్దేరిన ఒక ప్రయాణికుడి కేసు ఉంది. 2013 మార్చి 30న ఆయన దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి వెళ్తున్నాడు. మోకాళ్ళ జబ్బు వల్ల కింది బెర్తు తీసుకున్నాడు. మధ్యప్రదేశ్‌లో బీనా స్టేషన్‌లో కొందరు ఎక్కి ఆ బెర్తును ఆక్రమించారు. చెప్పుకుందామంటే టీటీఈ గానీ మరో రైల్వే ఉద్యోగి గానీ కనపడలేదన్నది ఆయన ఫిర్యాదు. ఆ ఎక్కినవాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. ఢిల్లీలోని జిల్లా వినియోగదారుల ఫోరం రైల్వేని నిలదీసి, 75,000 రూపాయలు చెల్లించమంది. 2017లో రాష్ట్ర కమిషన్ కూడా దాన్ని ఖాయం చేసింది. ఒక రాత్రి బెర్తు పోయినందుకు నాలుగేళ్ళ వ్యవహారం, నిజమే. "రాస్తే ఏమొస్తుంది" అని పెదవి విరిచేవాళ్ళకు ఆ 75,000 చూపిస్తే చాలు.

ఆ తీర్పులో నాకు నచ్చని భాగం ఒకటుంది. ఆ డబ్బులో మూడో వంతు, బోగీలో ఉండాల్సిన టీటీఈ జీతంలోంచి కోయాలన్నారు. విధి ఎగ్గొట్టినవాడికి శిక్ష ఉండాల్సిందే, కాదనను. కానీ రాత్రిపూట ఒక్క మనిషికి ఒకటికి మించి బోగీలు అప్పగించి, ఒక్కో దాంట్లో డెబ్బై రెండో ఎనభయ్యో బెర్తులు పెట్టి, జంక్షన్‌లో ఒకేసారి యాభై మంది ఎక్కితే వాళ్ళను ఆయనొక్కడే దింపాలంటే ఎలా? పోలీసు తోడు లేకుండా అంత గుంపుతో తలపడమని నేనైతే ఎవరికీ చెప్పలేను. మనుషుల్ని తక్కువ పెట్టిన నిర్ణయం బోగీలో తీసుకున్నది కాదు.

ఇక రెండో మాట, పేదవాళ్ళ మీద దయ. దీనికి జవాబు నాకన్నా ముందే గాంధీ రాసి పెట్టారు. 1917 సెప్టెంబరులో బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతిలో రెండు రాత్రులు ప్రయాణం చేసి, ఆ నెలలోనే రాంచీ నుంచి పత్రికలకు ఆయన పెద్ద ఉత్తరం రాశారు. ఆయనెక్కిన పెట్టె మీద 22 మందికి అని రాసి ఉంది. అదీ కూర్చోవడానికే, పడుకునే ఏర్పాటే లేదు. రాయచూరు దాకా ఎలాగో గడిచింది. అక్కడి నుంచి గుంతకల్లు, కడపల మీదుగా వెళ్ళే ఆ దారిలో తొక్కిడి భరించలేనిదయింది. లోపలివాళ్ళు అడ్డుకున్నా ఆగలేదు. రైల్వే సిబ్బంది వచ్చిందల్లా మరికొందర్ని లోపలికి నెట్టడానికే.

ఆ ఉత్తరంలో ఆయన కోపం ఎటు మళ్ళిందో గమనించాలి. తోటి ప్రయాణికుల మురికి అలవాట్ల మీద ఆయన గట్టిగానే మాట్లాడారు, వాళ్ళను వెనకేసుకు రాలేదు. అయినా తొక్కిడికి బాధ్యత మాత్రం వాళ్ళ మీద వేయలేదు. మద్రాసు దారిలో మొదటి తరగతి టిక్కెట్టు మూడో తరగతికి అయిదు రెట్లకు పైన ఉంటే, మూడో తరగతివాడికి అందులో అయిదో వంతు, పోనీ పదో వంతు సుఖమైనా దక్కుతోందా అని లెక్క అడిగారు. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళు చెప్పాపెట్టకుండా మూడో తరగతిలో ఎక్కి చూడాలన్నారు. పేదవాడి పక్షాన ఉన్నవాడు కాబట్టే ఫిర్యాదు రాశారు. పేదవాడి పేరు చెప్పి ఫిర్యాదు మానుకోమనే మన దయకూ, ఆ దయకూ పొంతన లేదు.

పెట్టె మీద ఎంతమందో రాసే ఆ పద్ధతి నేటి చట్టంలో 57వ సెక్షన్‌గా ఉంది. ప్రతి రకం పెట్టెలోనూ గరిష్ఠంగా ఎంతమందిని ఎక్కించవచ్చో రైల్వే నిర్ణయించాలి, ఆ సంఖ్యను హిందీ, ఇంగ్లీషులతో పాటు ప్రాంతీయ భాషలో కూడా కనపడేలా రాయాలి. జనరల్ బోగీల తలుపు దగ్గర ఆ సంఖ్య రాసే ఉంటుంది. కానీ కౌంటరులో జనరల్ టిక్కెట్టు ఇచ్చేటప్పుడు దాన్ని ఎవరూ చూడరు. ఎంతమంది అడిగితే అన్ని టిక్కెట్లు. 2025 ఫిబ్రవరిలో న్యూఢిల్లీ స్టేషన్ తొక్కిసలాటలో ప్రాణాలు పోయాక, ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ సంగతేమిటని రైల్వేని అడగాల్సి వచ్చింది.

ఇప్పుడు రాత్రి బోగీలోకి తిరిగి వద్దాం. బెర్తు మీద కూర్చున్న కూలీ కుటుంబం చేతిలో చాలాసార్లు జనరల్ టిక్కెట్టు ఉంటుంది. దానికీ డబ్బు కట్టారు. వాళ్ళకు అమ్మిన చోటు జనరల్ బోగీల్లో ఎప్పుడో నిండిపోయింది. బెర్తు కొన్నవాడికీ వాళ్ళకూ అమ్మినవాళ్ళు ఒకరే. ఇద్దరికీ అమ్మిన సరుకు అందలేదు. టీటీఈ వచ్చి ఛార్జీ తేడాతో పాటు అపరాధ రుసుము వసూలు చేసి రసీదు ఇస్తే, అదే బల్ల మీద మూడోసారి డబ్బు వచ్చినట్టు. సర్దుకోమని మనం హితబోధ చేసేది ఈ వ్యాపారం సాఫీగా సాగడానికి. జనరల్ బోగీలు పెంచాలా అన్న ప్రశ్న రైల్వే ముందుకు రావాలంటే, స్లీపర్‌లోకి ఎంతమంది పొంగి వస్తున్నారో ఎక్కడో ఒక కాగితం మీద నమోదు కావాలి. మనం మింగి ఊరుకున్న రాత్రికి ఏ దస్త్రంలోనూ చోటుండదు.

అందరూ పాపం అనదగ్గవాళ్ళే అని నేననను. ఏసీ టిక్కెట్టు కొనగలిగి కూడా దబాయించి కూర్చునేవాళ్ళున్నారు, రోజూ తిరిగే పాసులవాళ్ళ గుంపులున్నాయి. అయినా వాళ్ళను లేపాల్సింది ప్రయాణికుడు కాదు.

అందుకే ఆ ఉత్తరం ఎలా రాయాలన్నది ముఖ్యం. నేను చూసిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇలా ఉంటాయి: "చదువూ సంస్కారం లేనివాళ్ళు నా బెర్తు ఆక్రమించి, చెత్త చేసి, నానా మాటలన్నారు. తగు చర్య తీసుకోగలరు." ఎవరి మీద చర్య? వాళ్ళు తెల్లవారుజామునే దిగిపోయారు. జవాబివ్వాల్సిన అధికారి హాయిగా "విచారిస్తున్నాం" అని రాసి ముగిస్తాడు.

దాని బదులు ఇలా రాయండి: "పీఎన్ఆర్ నంబరు ఇది. ఎస్5 బోగీ, 33వ నంబరు కింది బెర్తు. ఫలానా స్టేషన్‌లో రాత్రి 11.20కి ఎక్కేసరికి అయిదుగురు కూర్చుని ఉన్నారు. 11.30కి 139కి ఫోను చేశాను, ఇచ్చిన ఫిర్యాదు నంబరు ఇది. టీటీఈ 12.45కి వచ్చి వాళ్ళను లేపి వెళ్ళారు. 1.10కి తరువాతి స్టేషన్‌లో మరికొందరు ఎక్కారు. తెల్లారే దాకా ఎవరూ రాలేదు." కూర్చున్నవాళ్ళ మీద ఇందులో ఒక్క విశేషణం లేదు. ఉన్నవన్నీ రైల్వే జవాబు చెప్పాల్సిన గంటలు. ఫోను చేసిన సమయం, వచ్చిన మెసేజీ ఫోన్లో అలాగే ఉంచుకోవాలి. ఖాళీ లేని నడవా ఫొటో ఒకటి చాలు, పడుకున్నవాళ్ళ ముఖాలు అక్కర్లేదు.

139కి గానీ రైల్‌మదద్‌లో గానీ చెప్పుకున్నాక ఒక చిన్న జాగ్రత్త. టీటీఈ ఒకసారి వచ్చి వెళ్ళగానే ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజీ రావచ్చు. మరుసటి స్టేషన్‌లో కథ మళ్ళీ మొదలైతే అది పరిష్కారం కాదు. అభిప్రాయం అడిగినప్పుడు మొహమాటానికి బాగుందని నొక్కకండి, ఆ తరువాత రైల్వే చూపించేది అదే. కొత్తగా ఇంకో ఫిర్యాదు పెట్టి, రెండు నంబర్లూ ఉత్తరంలో చేర్చండి.

జవాబు రాకపోయినా, దాటవేత జవాబు వచ్చినా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రైలు ఎక్కడిదైనా సరే. ప్రయాణం జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, ఏ స్లీపర్ టిక్కెట్టూ అంత ఉండదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అక్కడ ప్రతివాది గడిలో రైల్వే పేరు రాయండి. కోరుకునే పరిహారంతో పాటు ఇంకొకటి అడగండి: ఆ రాత్రి ఆ రైలు జనరల్ బోగీల తలుపు దగ్గర రాసిన సంఖ్య ఎంత, వాటికోసం అమ్మిన టిక్కెట్లు ఎన్ని.