మార్కులకంటే ముందు తేలాల్సింది

వరంగల్ రవాణా మాట ఎత్తితే చాలు, నియో మెట్రో పేరే ముందు వస్తుంది. కాజీపేట నుంచి హన్మకొండ మీదుగా వరంగల్ స్టేషన్ దాకా సుమారు 15 కిలోమీటర్లు, అటూ ఇటూగా వెయ్యి కోట్లు అంటూ మహారాష్ట్ర మెట్రో సంస్థతో డీపీఆర్ కూడా చేయించారు. నాకు ఆ ప్రాజెక్టు మీద పగ లేదు. చికాకల్లా ఏ ఆఫీసులో చూసినా పాతుకుపోయిన ఒక పద్ధతి మీద. కావాల్సింది ముందే ఖాయం చేసుకుంటారు. దాని పక్కన ఎవరూ ఒప్పుకోని రెండు ప్రత్యామ్నాయాలు నిలబెడతారు. మూడింటికీ మార్కులు వేసి, ఆఖరి స్లైడ్‌లో ముందనుకున్నదాన్నే గెలిపిస్తారు. 2017 కేంద్ర మెట్రో విధానం ప్రత్యామ్నాయాల విశ్లేషణను తప్పనిసరి చేసింది. నిబంధన మంచిదే. కానీ నిజాయితీ లేని పట్టికతో కూడా ఆ నిబంధన తీరిపోతుంది. వరంగల్‌కు ఆ గతి పట్టకూడదంటే పట్టిక ఎలా ఉండాలో ఇప్పుడే మాట్లాడుకోవాలి.

మూడు దారులు తీసుకుందాం. ఒకటి, ఉన్న రోడ్ల మీదే ఎలక్ట్రిక్ బస్సులు పెంచడం. రెండు, బస్సుకు రోడ్డులో ప్రత్యేక లేన్ ఇవ్వడం. మూడు, నియో మెట్రో, అంటే పైన కరెంటు తీగలతో రబ్బరు టైర్ల మీద నడిచే బండి. పోల్చడానికి నాలుగు ప్రమాణాలు చాలు: ప్రయాణ సమయం, ఖర్చు, సామాన్యుడికి అందుబాటు, ఎంత త్వరగా అమలవుతుందన్నది. పది పదిహేను ప్రమాణాలు పెడితే నివేదిక బరువుగా కనిపిస్తుంది తప్ప నిజం పెరగదు. కాలుష్యం తగ్గుదల, ఇంధన పొదుపు, పర్యావరణ మేలు అని మూడు వరసలు రాస్తే ఒకే లాభానికి మూడుసార్లు మార్కులు పడ్డట్టే. ఏ రెండు వరసల్లోనైనా మూడు ప్రత్యామ్నాయాలకూ ఒకే తీరులో మార్కులు పడుతుంటే అనుమానించాలి. ఆ రెండూ ఒకటేనేమో చూసి కలిపేయాలి.

ప్రమాణాల తర్వాత వాటి బరువులు. ప్రత్యామ్నాయాల పేర్లు బల్ల మీదికి రాకముందే ఇవి తేలిపోవాలి. నేను వందలో సమయానికి 30, ఖర్చుకు 30, అందుబాటుకు 25, అమలు వేగానికి 15 ఇస్తాను. తర్వాత పదేసి మార్కులు. ఇవి పద్ధతి చూపడానికి నేను వేసినవే, కొలిచి తెచ్చినవి కావు. అదే వరసలో బస్సులకు 3, 9, 9, 9; ప్రత్యేక లేన్‌కు 7, 7, 8, 4; నియోకు 8, 2, 4, 2. బరువులతో గుణించి కూడితే బస్సులకు పదికి 7.2, లేన్‌కు 6.8, నియోకు 4.3 వస్తాయి. అందుబాటులో నియోకు 4 మాత్రమే ఎందుకని అడగొచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ మహిళలు ఆర్టీసీ బస్సులో జీరో టికెట్‌తో వెళ్తున్నారు. హన్మకొండ చౌరస్తాలో బస్సెక్కే ఆడమనిషికి కండక్టర్ ఇచ్చే చీటీ మీద కట్టాల్సింది సున్నా. పక్కనే నియో వచ్చి చార్జీ అడిగితే ఆమె అటు ఎందుకు వెళ్తుంది? ఆ తేదీకి ముందు వేసిన ప్రయాణికుల అంచనా ఏదైనా సరే, మళ్లీ వేయక తప్పదు.

మార్కుకు అర్థం కూడా ముందే చెప్పాలి. మూడింట్లో చవకైనదానికి 10, ఖరీదైనదానికి 0 అని ఒకదానితో ఒకటి పోల్చి వేయడం మామూలు అలవాటు. మోసమంతా అక్కడే దూరుతుంది. బస్సులకు 100 కోట్లు, లేన్‌కు 250 కోట్లు అనుకుందాం. రెండే పోటీలో ఉంటే లేన్‌కు ఖర్చులో సున్నా పడుతుంది. వెయ్యి కోట్ల నియోను మూడోదిగా చేర్చగానే అదే లేన్‌కు 8.3 వస్తుంది. లేన్ ఖర్చు ఒక్క రూపాయి తగ్గలేదు, మార్కు మాత్రం ఎగబాకింది. అంటే గెలవని మూడో ప్రత్యామ్నాయం కూడా మిగతా రెండింటి తగవును తీర్చేయగలదు. అందుకే కొలబద్ద బయటినుంచి రావాలి. కాజీపేట నుంచి వరంగల్‌కు ఇన్ని నిమిషాలైతే 10, ఇన్నైతే 0. నగరం భరించగల ఖర్చు ఇంత అని ముందే రాసి పెట్టుకోవాలి.

బరువులు కూడా మనుషుల ఇష్టమే కదా, ఇంత లెక్క దేనికన్న ప్రశ్న వస్తుంది. నిజమే, ఇష్టమే. అయితే పట్టికలో ఆ ఇష్టం నలుగురికీ కనబడుతుంది, మార్చి చూడటానికీ వీలుంటుంది. సమయానికి 40, ఖర్చుకు 20 చేద్దాం. బస్సులు 6.6కు దిగి, లేన్ 6.8 దగ్గరే నిలిచి ముందుకొస్తుంది. నియో 4.9 దాటదు. ఈ ఒక్క మార్పుతో రెండు సంగతులు తెలిశాయి. అసలు పోటీ బస్సులకూ లేన్‌కూ మధ్యనే ఉంది; వాటి మధ్య 0.4 తేడాను గెలుపు అనలేం. ఇక ఢిల్లీలో 2008లో మొదలైన బస్సు కారిడార్‌ను 2016లో పీకేశారు కదా అనేవాళ్లున్నారు. ఆ అనుభవాన్ని పక్కన పెట్టమనను. లేన్‌కు అమలులో 4 మార్కులే వేసింది అందుకే. ఆటోలు, పార్కింగు లేన్‌లోకి రాకుండా ఆపే పోలీసు బలం లేకపోతే దానికి మార్కులు వేయడమే దండగ, పోటీ నుంచే తప్పించాలి. కొన్ని షరతులు మార్కులతో తీరేవి కావు, గేటు దగ్గరే అడగాల్సినవి.

ఇక సిఫార్సు స్లైడ్. దాని మీద నాలుగు మాటలు చాలు: ఏం చేయాలి, ఎందుకు, దేన్ని వదులుకుంటున్నాం, ఏం తేలితే నిర్ణయం మారుతుంది. నాలుగోది దాదాపు ఎవరూ రాయరు. నా పట్టిక ప్రకారం ఆ స్లైడ్ ఇలా ఉంటుంది: ‘ముందు బస్సులు పెంచండి. ఖర్చులోనూ అందుబాటులోనూ అదే మెరుగు. ప్రయాణ వేగంలో వెనకబడతామని ఒప్పుకుంటున్నాం. ఉదయం రద్దీ వేళ చౌరస్తాలో ఒకే దిశలో వెళ్లేవారిని లెక్కించండి. గంటకు 4 వేలు దాటితే లేన్ వేయండి, 8 వేలకు చేరువైతే నియోతో సహా పెద్ద వ్యవస్థలను మళ్లీ పరిశీలించండి.’ నిమిషానికో బస్సు, బస్సుకు 70 మంది అనుకుంటే గంటకు 4,200 మంది వెళ్తారు. కేంద్రం నియోకు చెప్పిన సామర్థ్యమే ఒక దిశలో గంటకు 8 వేల వరకు. ఆ తలల లెక్క లేకుండా ఏ స్లైడ్ చూపినా అది సిఫార్సు కాదు, కోరిక.

ఇంతా చేసి ఆ స్లైడ్ ఎవరికి చూపిస్తున్నారు? నాలుగు గోడల మధ్య, ఇంగ్లిషులో, పది నిమిషాల్లో తిప్పేస్తారు. చేతులెత్తాల్సిన కార్పొరేటర్లకు ఆ పట్టిక ముందురోజైనా అందదు. రోజూ ఆ బస్సుల్లో నిలబడి వెళ్లే జనానికి ఎప్పటికీ అందదు. సమయానికి 30 ఇవ్వాలా 40 ఇవ్వాలా అన్నది కన్సల్టెంటు తేల్చాల్సిన సాంకేతిక విషయం కాదు. ఎవరి గంట విలువైనది, ఎవరి రూపాయి విలువైనది అని తేల్చే రాజకీయ నిర్ణయం అది. గ్రేటర్ వరంగల్ కౌన్సిల్ ఆ బరువులను తెలుగులో రాసి, చర్చించి, ఓటేసి తేల్చాలి. కన్సల్టెంటుకు పని అప్పజెప్పేది ఆ తర్వాతే.