జీతం చెప్పకుండానే సగటు

హక్కుల గురించి ఊరూరా మాట్లాడే మనం, మన జీతాల మాట వచ్చేసరికి మౌనంగా ఉండిపోతాం. ఒకరికి చిన్నతనం, ఇంకొకరికి భయం. ఈ మౌనం వల్ల లాభపడేది జీతమిచ్చేవాళ్ళే. తనకు తక్కువ ముడుతోందని తెలియని మనిషి దేన్ని పట్టుకుని అడుగుతుంది?

ఎవరి జీతమూ బయటపడకుండా సగటు తేల్చే పద్ధతి ఒకటుంది. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని ‘సెక్యూర్ మల్టీ పార్టీ కంప్యూటేషన్’ అంటారు. పేరుకు భయపడనక్కర్లేదు, కాగితం మీదే చెయ్యొచ్చు.

మేం నలుగురం కూర్చున్నామనుకోండి. నా జీతం 14,000. సున్నా నుంచి 99,999 లోపు మూడు అంకెలను చీటీలు తీసి ఎంచుకుంటాను: 63,418, 27,905, 88,140. నాలుగోది 34,537 వేస్తాను. నాలుగూ కూడితే 2,14,000. లక్షలు వదిలేస్తే మిగిలేది నా 14,000. ఒక ముక్క నా దగ్గర ఉంచుకుని, మిగతా మూడూ ముగ్గురికి తలా ఒకటి ఇస్తాను. ఒక ముక్క చూసి నా జీతం ఎవరూ చెప్పలేరు. మిగతావాళ్ళూ ఇలాగే చేస్తారు. తర్వాత ఎవరి దగ్గరున్న నాలుగు ముక్కల్ని వాళ్ళు కూడి, లక్షలు వదిలేసి, పైకి చదువుతారు: 71,206, 8,455, 93,910, 84,429. వీటి మొత్తం 2,58,000. మళ్ళీ లక్షలు వదిలేస్తే 58,000. సగటు 14,500. నాకు అయిదువందలు తక్కువని తెలిసింది, ఎవరికెంతో మాత్రం తెలియలేదు.

జాగ్రత్తలు కొన్ని. నలుగురి జీతాల మొత్తం లక్ష దాటితే లెక్క తప్పుతుంది. తలా 30,000 ఉంటే సగటు 5,000 అని వస్తుంది. అప్పుడు పది లక్షల లోపు అంకెలు వాడాలి. అంకెలు మనసుకు తోచినవి కాకుండా చీటీ తీసినవే కావాలి. ముగ్గురు కుమ్మక్కైతే నాలుగో మనిషి జీతం తెలిసిపోతుంది. అది సగటులోనే ఉన్న లోపం. ఒకరు తప్పుకున్నాక మళ్ళీ లెక్క వేస్తే, రెండు మొత్తాల తేడాయే ఆమె జీతం. అబద్ధపు అంకె వేసినవాళ్ళను ఈ పద్ధతి పట్టుకోలేదు.

అమెరికాలోని బోస్టన్‌లో మహిళా ఉద్యోగుల కౌన్సిల్, బోస్టన్ యూనివర్సిటీ నిపుణులు కలిసి ఈ సూత్రంతోనే 2016లో 69 సంస్థల జీతాలు లెక్కగట్టారు. ఏ సంస్థ లెక్కా మరొకరికి కనబడలేదు. మగవాళ్ళకు డాలరు వస్తుంటే ఆడవాళ్ళకు 77 సెంట్లే వస్తున్నాయని తేలింది.

మన ఆఫీసుల్లోనూ ఆడవాళ్ళ సగటు వేరుగా, మగవాళ్ళ సగటు వేరుగా తీయాలి. ఒకే పని చేసేవాళ్ళనే పోల్చాలి. అందరినీ కలిపి ఒకే సగటు తీస్తే ఆ తేడా అందులోనే దాక్కుంటుంది. గుంపులో అయిదారుగురికి తగ్గకుండా చూసుకోండి. రెండు సగటులూ చేతికొచ్చాక యాజమాన్యాన్ని అడగడానికి ఏ ఒక్కరూ తన పే స్లిప్ చూపించనక్కర్లేదు.